మొక్క పాముపాలు, రాజు ఊరిదారి

గిల్గమెష్ చివరిసారి ఓడిపోయిన తీరు వీరుడికి తగ్గట్టుగా ఉండదు. దేవదారు అడవికి కాపలా ఉన్న భీకరాకారుడు హుంబాబాను చంపినవాడు, దేవతలు పంపిన వృషభాన్ని స్నేహితుడితో కలిసి నేలకూల్చినవాడు, ఎండకు అలసి ఒక చల్లని నీటిమడుగులో స్నానానికి దిగుతాడు. ప్రాణాలకు తెగించి తెచ్చిన యవ్వనపు మొక్క గట్టున ఉంది. దాని వాసన పసిగట్టి ఒక పాము చప్పుడు కాకుండా వచ్చి ఎత్తుకుపోతుంది. అక్కడ యుద్ధం జరగలేదు. ఎవరూ శపించలేదు. దేవతలెవరూ పన్నాగం పన్నలేదు. ఆ పాముకు అతనిమీద పగ కూడా లేదు.

ప్రపంచంలో మనకు దొరికిన మహాకావ్యాలలో అతి ప్రాచీనమైనది తన నాయకుడి అన్వేషణను ఇంత మామూలు సంఘటనతో ఎందుకు ముగించింది? ఆ తర్వాత రాజు మళ్లీ ప్రయత్నించకుండా తలవంచుకుని ఇంటిదారి ఎందుకు పట్టాడు? జవాబు ఆ కావ్యంలోనే ఉంది. కాకపోతే కవి దాన్ని ఎక్కడా ఉపదేశంగా చెప్పడు. రొట్టెలతో, రాళ్లతో, ఇటుకలతో చెబుతాడు.

ముందుగా కావ్యం సంగతి. గిల్గమెష్ మీద సుమేరియన్ భాషలో విడివిడి గాథలు పుట్టి నాలుగు వేల ఏళ్లు దాటింది. క్రీస్తుపూర్వం 1800 ప్రాంతంలో బాబిలోనియా కవులు అక్కాడియన్ భాషలో వాటి వస్తువుతో ఒకే కథ అల్లారు. తర్వాత కొన్ని శతాబ్దాలకు సిన్-లెకి-ఉన్నిన్ని అనే పండితుడు దానికి ఇప్పుడు మనం చదివే రూపం ఇచ్చాడని బాబిలోనియన్ల సంప్రదాయం. మట్టి పలకల మీద మేకు ఆకారపు లిపిలో రాసిన ఈ కావ్యం 19వ శతాబ్దంలో ఇరాక్‌లోని నీనెవే శిథిలాల్లో, అస్సిరియా చక్రవర్తి అషుర్‌బనిపాల్ గ్రంథాలయంలో ముక్కలుముక్కలుగా దొరికింది. 1872లో బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసే జార్జ్ స్మిత్ పదకొండో పలకలో జలప్రళయం కథను చదివి లోకానికి వెల్లడించాడు. అప్పుడంతా ప్రళయం గురించే మాట్లాడుకున్నారు. మొక్క పోయిన కథ ఉన్నది కూడా ఆ పలకలోనే, ఆ ప్రళయగాథ తర్వాత కొద్ది పంక్తుల దూరంలోనే.

కథ మొదట్లో గిల్గమెష్ మంచి రాజు కాడు. దక్షిణ మెసొపొటేమియాలోని ఉరుక్ నగరానికి అధిపతి. మూడింట రెండు వంతులు దేవుడు, ఒక వంతు మనిషి. బలం ఎక్కువ, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియదు. కొడుకులను తండ్రుల దగ్గర ఉండనివ్వడు, కొత్త పెళ్లికూతుళ్లను వదలడు. పురజనుల మొర విని దేవతలు అతనికి జోడీగా ఎన్కిడు అనే అడవిమనిషిని సృష్టిస్తారు. ఇద్దరూ ముందు కలబడి, తర్వాత ప్రాణమిత్రులవుతారు. హుంబాబాను చంపడానికి వెళ్లేటప్పుడు గిల్గమెష్ లెక్క ఒక్కటే. మనిషి ఎలాగూ పోతాడు, పేరైనా నిలబడాలి. చావు గురించి అతను ఇలా తేలిగ్గా మాట్లాడగలిగింది ఎన్కిడు పోయేంతవరకే.

ఎన్కిడు యుద్ధంలో చనిపోలేదు. దేవతల తీర్పుకు గురై మంచంపట్టి, రోజురోజుకూ క్షీణించి పోయాడు. గిల్గమెష్ ఆరు పగళ్లు, ఏడు రాత్రులు శవాన్ని పాతిపెట్టనివ్వలేదు. ఏడుపు విని లేచి వస్తాడేమోనని ఆశ. స్నేహితుడి ముక్కులోంచి పురుగు రాలిపడినప్పుడు ఆ ఆశ పోయింది. ఈ పురుగు సంగతి కవి ఒక్కసారి చెప్పి ఊరుకోడు. తర్వాత దారిలో ఎవరు కలిసినా గిల్గమెష్ నోట అదే మాట మళ్లీ మళ్లీ చెప్పిస్తాడు. నేను కూడా ఇలాగే పడుకుని ఎన్నటికీ లేవనా అన్నది అతని ప్రశ్న. కాబట్టి అతని ప్రయాణాన్ని అమరత్వం కోసం ఒక వీరుడు చేసిన సాహసయాత్ర అనడం సగమే నిజం. భయంతో పరుగెత్తుతున్న మనిషి అతను. రాజవస్త్రాలు విడిచి, జంతు చర్మాలు కప్పుకుని, మాసిన జుట్టుతో తిరుగుతుంటే సముద్రతీరంలో కల్లు అమ్మే సిదురి అతన్ని చూసి దొంగో హంతకుడో అనుకుని తలుపు గడియ వేసుకుంటుంది.

భూమ్మీద మరణం లేని మనిషి ఒక్కడే ఉన్నాడు, ఉత-నపిష్తి. ఆదిలో ప్రళయం వచ్చినప్పుడు ఓడ కట్టి బతికి బయటపడ్డవాడు. అతన్ని చేరుకోవాలంటే సూర్యుడు నడిచే చీకటి సొరంగం దాటాలి, తాకితే చంపే మృత్యుజలాల మీదుగా పడవలో పోవాలి. గిల్గమెష్ సొరంగాన్ని ఒంటరిగా, మృత్యుజలాలను పడవవాడు ఉర్షనబి సాయంతో దాటాడు. తీరా చేరాక అతనికి మొదటి ఆశాభంగం ఎదురైంది. అక్కడ ఉన్నవాడు మహాయోధుడు కాడు, తనలాంటి మామూలు మనిషే. అతనితో పోట్లాడి రహస్యం లాక్కుందామని వచ్చానని గిల్గమెష్ స్వయంగా ఒప్పుకుంటాడు. తీరా చూస్తే పోట్లాటకు సందే లేదు.

ఉత-నపిష్తి తన కథంతా చెప్పి చివర్లో ఒక ప్రశ్న వేస్తాడు. ప్రళయం ముగిశాక దేవతలు సభ తీరి, ఎన్లిల్ దేవుడు తన చెయ్యి పట్టుకుని, తనకూ తన భార్యకూ ఆ వరం ఇచ్చాడు. మరి గిల్గమెష్ కోసం ఆ సభను ఎవరు పిలుస్తారు? కావ్యంలో ఇది చాలా పదునైన చోటు. అమరత్వానికి మంత్రం లేదు, మందు లేదు, నేర్చుకునే విద్య లేదు. చరిత్రలో ఒక్కసారి, ఒక్క సందర్భంలో, ఒక్కడికి దొరికిన మినహాయింపు అది. ఆ సందర్భం గడిచిపోయింది. ఇంత దూరం వచ్చి గిల్గమెష్ తెలుసుకున్న రహస్యం ఏమిటంటే, తన చేతిలోకి తీసుకోగలిగిన రహస్యమంటూ లేదని.

అయినా ఉత-నపిష్తి ఒక పరీక్ష పెడతాడు. ఆరు పగళ్లు, ఏడు రాత్రులు నిద్రపోకుండా ఉండు చూద్దాం అంటాడు. చావును జయించాలనుకునేవాడు ముందు దాని తోబుట్టువులాంటి నిద్రను జయించాలి కదా. ఎన్కిడు శవం పక్కన గిల్గమెష్ కూర్చున్నది కూడా సరిగ్గా అన్ని రోజులే. ఈసారి మాత్రం అలా చతికిలబడ్డాడో లేదో, నిద్ర పొగమంచులా కమ్మేసింది.

మనిషి నిద్రలేచి నేను పడుకోలేదని బుకాయిస్తాడని ఉత-నపిష్తికి తెలుసు. అందుకే భార్యతో రోజుకొక రొట్టె కాల్చి అతని తల దగ్గర పెట్టమని, ఎన్ని రోజులు పడుకున్నాడో గోడమీద గీత గీయమని చెబుతాడు. ఆమె అలాగే చేస్తుంది. ఏడో రోజున తట్టి లేపగానే గిల్గమెష్ కళ్లు నులుముకుంటూ, కునుకు పట్టీ పట్టకముందే లేపేశావు అంటాడు. అప్పుడు రొట్టెలు లెక్కపెట్టమంటారు. మొదటిది ఎండి గట్టిపడిపోయింది. రెండోది తోలులా సాగుతోంది. మూడోది మెత్తబడి తడిసినట్టుంది. నాలుగోది తెల్లబడింది. అయిదోదానికి బూజు పట్టింది. ఆరోది తాజాగా ఉంది. ఏడోది ఇంకా నిప్పుల మీదే ఉంది. వాదించడానికి ఏమీ మిగల్లేదు.

ఈ ఘట్టం రాసిన కవి వంటింటిని ఎరిగినవాడు. కాలం గడవడమంటే ఏమిటో చెప్పడానికి నక్షత్రాలను, యుగాలను తేలేదు. కాల్చిన రొట్టె ఒక్కో రోజుకు ఎలా పాడవుతుందో చూపించాడు. గిల్గమెష్ బెంబేలెత్తి, మృత్యువు నా పడకగదిలోనే కూర్చుంది, ఎటు తిరిగినా అదే అన్న అర్థంలో వాపోతాడు. గమనించాల్సిందేమిటంటే, అమరత్వం ఆశ ఇక్కడే ముగిసింది. మొక్క ఇంకా కథలోకి రానే లేదు.

మరి మొక్క ఎందుకు వచ్చింది? ఒక ఇల్లాలి జాలివల్ల. ఉత-నపిష్తి గిల్గమెష్‌కు స్నానం చేయించి, మాసిపోని కొత్త బట్టలు కట్టించి, తిరుగు ప్రయాణానికి సాగనంపుతాడు. పడవ ఒడ్డు విడిచాక అతని భార్య అడ్డుపడుతుంది. అంత దూరం నుంచి, అన్ని కష్టాలు పడి వచ్చినవాణ్ని ఉత్తచేతులతో పంపుతావా అని భర్తను అడుగుతుంది. ఇంటికొచ్చిన చుట్టానికి ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపాలనే మర్యాద అది. అప్పుడు ఉత-నపిష్తి ఆ మొక్క ఆచూకీ చెబుతాడు. దాన్ని అమృతంతో సమానం చేసి చాలామంది పొరపడతారు. అది చావును ఆపదు. ముసలివాణ్ని తిరిగి పడుచువాణ్ని చేస్తుంది, అంతే. పేరు కూడా ఆ అర్థంలోదే. అమరత్వం అడిగినవాడికి చివరికి దక్కింది అంతకంటే తక్కువైన వస్తువు. దాన్ని కూడా అతను పట్టలేని ఆనందంతో తీసుకున్నాడు. రాజు అప్పటికే ఎంత దిగివచ్చాడో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆ మొక్క నీటి అడుగున, భూగర్భ జలాల లోతుల్లో ఉంటుంది. దానికి ముళ్లున్నాయి, పట్టుకుంటే చేతిలో దిగుతాయి. గిల్గమెష్ ఒక నీటిదారి తెరిచి, కాళ్లకు బరువైన రాళ్లు కట్టుకుని అడుక్కి దిగుతాడు. పర్షియన్ గల్ఫ్‌లో ముత్యాలు తీసేవాళ్లు మొన్నమొన్నటి దాకా కాలికి రాయి బరువు సాయంతోనే మునిగేవారు. కవి ఊహించిన లోతు పురాణానిదైనా, మునిగే పద్ధతి మాత్రం ఆ సముద్రం ఎరిగిన మనుషులది. ముళ్లు గుచ్చుకుంటున్నా మొక్కను పెరికి, రాళ్లు కోసేసుకుని పైకి తేలితే సముద్రం అతన్ని ఒడ్డుకు విసిరేసింది.

అక్కడికక్కడే తినేసి ఉంటే కథ వేరు. అతను తినలేదు. ఉరుక్‌కు తీసుకెళ్లి ముందు ఒక ముసలాయనకు తినిపించి చూస్తాననీ, తర్వాత తానూ తిని పడుచువాణ్నవుతాననీ ఉర్షనబితో చెబుతాడు. దీన్ని రెండు రకాలుగా చదవొచ్చు. కొత్త మందును ఇంకొకరి మీద ప్రయోగించి చూసే రాజుల జాగ్రత్త అని ఒకటి. ఊళ్లోవాళ్లను పీడించిన మనిషి మొదటిసారి ఊరిని గుర్తు చేసుకున్నాడని ఇంకొకటి. రెండూ కలిసే ఉన్నాయనిపిస్తుంది. ఎందుకంటే ప్రయాణం మొదలైనప్పటినుంచీ అతని నోట తన చావు గోడు తప్ప ఉరుక్ ప్రజల ఊసే లేదు. మొక్క చేతికి వచ్చిన క్షణంలోనే ఊరు గుర్తొచ్చింది. అయితే ఈ వాయిదాయే మొక్క పోవడానికీ కారణమైంది.

ఇరవై ఆమడలు నడిచి రొట్టె తిన్నారు, ముప్ఫై ఆమడలకు మకాం వేశారు. బాబిలోనియన్ల కొలత మన ఆమడకు దగ్గరగానే, సుమారు పది పదకొండు కిలోమీటర్లు ఉంటుంది. అక్కడే ఆ చల్లని మడుగు. పాము మొక్కను అందుకుని వెనుదిరుగుతూనే కుబుసం విడిచింది. అంటే మొక్క పనిచేస్తుందన్న రుజువు కూడా గిల్గమెష్ కళ్లముందే దొరికింది. ముసలాయన మీద చేయాలనుకున్న పరీక్ష పాము మీద జరిగింది. ఏటేటా పాము చర్మం విడిచి ఎందుకు మెరుస్తుంది, మనిషి ఎందుకు ముడతలు పడి పోతాడు అన్న పాత ప్రశ్నకు మెసొపొటేమియన్ల సమాధానం ఇది.

మన భారతం ఆదిపర్వం చదివినవారికి ఇక్కడ ఇంకో కథ గుర్తొస్తుంది. గరుత్మంతుడు తెచ్చిన అమృతభాండాన్ని దర్భల మీద పెట్టించి పాములు స్నానానికి పోతాయి, ఆ సందులో ఇంద్రుడు దాన్ని ఎత్తుకుపోతాడు. అక్కడ స్నానానికి పోయి పోగొట్టుకున్నవి పాములు, ఇక్కడ పాము వల్ల పోగొట్టుకున్నవాడు మనిషి. ఒకదాన్నుంచి ఒకటి పుట్టిందనడానికి ఆధారం లేదు. కానీ దొరికిన అమృతం చేతిలో నిలవకపోవడానికి రెండు దేశాల కవులూ స్నానాన్నే ఎంచుకోవడం తమాషాగా ఉంటుంది.

మొక్క పోయాక గిల్గమెష్ కూలబడి ఏడుస్తాడు. అతని మాటల్లో ముందు వచ్చేది బాధ. నా చేతులు ఎవరికోసం కష్టపడ్డాయి, నా గుండె నెత్తురు ఎవరికోసం ఇంకిపోయింది, మేలు చేసింది ఒక పురుగుపుట్రకే కదా అని ఉర్షనబితో అంటాడు. ఆ తర్వాత చెప్పేది లెక్క. నీళ్లు ఇరవై ఆమడల మేర పొంగుతున్నాయి. నీటిదారి తెరిచినప్పుడు పనిముట్లను అక్కడే వదిలేశాడు. ఆ చోటును మళ్లీ కనిపెట్టడానికి గుర్తు లేదు. పడవ కూడా ఒడ్డున ఎక్కడో ఉండిపోయింది. ఇంకోసారి ప్రయత్నిద్దామన్నా దారి మూసుకుపోయింది. పైగా పడవవాణ్ని ఉత-నపిష్తి కొలువులోంచి తీసేసి గిల్గమెష్ వెంట పంపేశాడు. మృత్యుజలాలు దాటించేవాడు ఇక లేడు.

రాజు వినయం ఇక్కడ మొదలవుతుంది. దీన్ని వేదాంతంగా పొరబడకూడదు. ఒక ఆచరణాత్మకమైన మనిషి తన అవకాశాలన్నీ లెక్కపెట్టుకుని, ఏదీ మిగల్లేదని తేల్చుకోవడం ఇది. ఇంతకుముందు అతను ఏ అడ్డంకి వచ్చినా బలంతో తొలగించాడు. చివరికి పడవ నడవడానికి అవసరమైన రాతి పరికరాలను కూడా కోపంలో పగలగొట్టాడు. ఈసారి పగలగొట్టడానికి ఎదురుగా ఏమీ లేదు. పామును వెంటాడాలన్న మాట కూడా అతని నోట రాదు. శత్రువు చేతిలో ఓడినవాడికి పగ మిగులుతుంది. తాను స్నానం చేస్తుండగా పోగొట్టుకున్నవాడికి అది కూడా మిగలదు.

ఆ వెంటనే, కొద్ది పంక్తుల్లోనే, ఇద్దరూ ఉరుక్ చేరుకుంటారు. ఊరేగింపు లేదు, పశ్చాత్తాప ప్రసంగం లేదు. గిల్గమెష్ పడవవాణ్ని నగర ప్రాకారం ఎక్కి నడిచి చూడమంటాడు. పునాది పరిశీలించమంటాడు, ఇటుకలు బట్టీలో కాల్చినవేనా చూడమంటాడు. ఆ పునాదులు వేసింది ఏడుగురు ఋషులంటాడు. ఒక పాలు నగరం, ఒక పాలు ఖర్జూర తోటలు, ఒక పాలు మట్టి తీసే గుంటలు, అర పాలు ఇష్తార్ దేవి ఆలయం అని ఉరుక్ విస్తీర్ణం చెబుతాడు. పదకొండో పలక అంతటితో ముగుస్తుంది.

ఈ చివరి మాటలను నగరం మీద రాజు గర్వంగా చదివేవాళ్లున్నారు. గర్వం లేకపోలేదు. కానీ ఆ మాటల్లో ఒకటి లేదు చూడండి. నేను కట్టాను అన్న మాట లేదు. గోడ కట్టించింది గిల్గమెషేనని కావ్యం మొదటి పలకలో కథకుడు స్పష్టంగా చెబుతాడు. అదే గోడ దగ్గర నిలబడి గిల్గమెష్ మాత్రం పునాది ఘనతను పూర్వులకు ఇచ్చి, మట్టి గుంటలతో సహా ఊరి కొలతలు చెబుతాడు. ఒకప్పుడు పేరు కోసం అడవికి వెళ్లిన మనిషి ఇప్పుడు తన పేరే ఎత్తడు. అతని వినయానికి కావ్యంలో ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

ఇది అనుకోకుండా జరిగినట్టు లేదు. పాత బాబిలోనియన్ పాఠం రాజులందరినీ మించినవాడు అన్న పొగడ్తతో, అంటే వీరుడి ఘనతతో మొదలయ్యేది. తర్వాతి కాలంలో దాని ముందు 28 పంక్తులు చేర్చారు. ఇప్పుడు ఆ పాత ఆరంభం 29వ పంక్తి అయింది. కొత్త ఆరంభంలో వీరుడు కనబడడు. లోతులు చూసినవాడు, దూరం నడిచి అలసిపోయి శాంతించినవాడు, తన కష్టాలన్నీ రాతిపలక మీద రాయించినవాడు కనబడతాడు. గోడ ఎక్కి పునాది చూడమన్న పిలుపు కూడా అక్కడే మొదటిసారి, పాఠకుడికి, వినబడుతుంది. చివర్లో పడవవాడితో గిల్గమెష్ చెప్పేవి దాదాపు అవే మాటలు. అంటే విజయగాథగా మొదలైన కావ్యాన్ని తర్వాతి కవులు ఓటమిని అర్థం చేసుకున్నవాడి కథగా మలిచారు. మొక్క పోయిన ఘట్టానికి ఇంత బరువు రావడానికి ఆ మార్పే ముఖ్య కారణం.

గోడ విషయం కల్పన కాదు. దక్షిణ ఇరాక్‌లో వార్కా అని పిలిచే చోట ఉరుక్ శిథిలాలున్నాయి. దాదాపు తొమ్మిది కిలోమీటర్ల పొడవైన ప్రాకారం ఆనవాళ్లను జర్మన్ పురావస్తు శాస్త్రజ్ఞులు అక్కడ గుర్తించారు. క్రీస్తుపూర్వం 19వ శతాబ్దం చివరి ప్రాంతంలో ఉరుక్‌ను ఏలిన అనాం అనే రాజు ఆ గోడను బాగుచేయించి, ఇది గిల్గమెష్ చేయించిన పాత పని అని శాసనంలో రాయించుకున్నాడు.

ఈ కావ్యం అనువాదాలు ఇంగ్లిషులో చాలా దొరుకుతాయి. ఆండ్రూ జార్జ్ అనువాదం సాధారణ పాఠకులకు బాగా పనికొస్తుంది. చదివేటప్పుడు పదకొండో పలక కాగానే పన్నెండో పలకలోకి వెళ్లకండి. అది ఒక సుమేరియన్ గాథలోని సగానికి అనువాదం, చివర తగిలించిన అనుబంధం. చనిపోయిన ఎన్కిడు అందులో మళ్లీ బతికే ఉంటాడు, కథ గందరగోళపడుతుంది. దానికి బదులు వెనక్కి తిరిగి మొదటి పలకలోని తొలి 28 పంక్తులు చదవండి, తర్వాత పన్నెండో పలక సంగతి చూడవచ్చు.